రామమూర్తి గారి మైనస్ పదిహేను

కాలేజీలో రామమూర్తి గారు నల్లబల్ల మీద ఆ బొమ్మ వేయడం మొదలుపెడితే వెనక బెంచీ వాళ్ళు కూడా మాటలు ఆపేసేవారు. ముందు ఒక నిలువు గీత, పీడనం. దాని కాళ్ళ దగ్గర్నుంచి ఒక అడ్డగీత, ఎంథాల్పీ. అంటే కిలో గ్యాసు తన కడుపులో దాచుకున్న వేడి. ఆ రెండిటి మధ్యా బోర్లించిన చేపల బుట్టలా ఒక వంపు. వంపుకి ఎడమవైపు ద్రవం, కుడివైపు ఆవిరి, లోపల రెండూ కలిసిన తడి. ఆ పైన నాలుగు గీతలు. కింది గీత కుడివైపుకి సాగి ఐసు గడ్డకట్టే తొట్టిలోని వేడిని పీల్చుకుంటుంది. కుడిచివర ఏటవాలు గీత కంప్రెసర్‌లో నలుగుతూ పైకి ఎక్కుతుంది. పైగీత కండెన్సర్‌లో ఎడమకి వెనక్కి వస్తూ ఆ వేడినంతా బయట నీళ్ళకి వదిలేస్తుంది. చివరికి వాల్వు దగ్గర నిట్టనిలువుగా కిందికి జారి మొదటి చోటికే చేరుతుంది. స్కేలు పట్టుకునేవారు కాదు. గీతలు మాత్రం వంకర పోయేవి కావు.

"ఇది అమ్మోనియా బతుకు. పీల్చుకోవడం, బరువెక్కడం, వదిలేయడం, జారిపోవడం. మళ్ళీ మొదలు," అనేవారు. అని, చేతుల సుద్ద దులుపుకుని లెక్క ఇచ్చేవారు. "తొట్టిలో గ్యాసు మైనస్ పదిహేను దగ్గర మరుగుతోంది. కండెన్సర్‌లో నలభై దగ్గర చల్లారుతోంది. గ్యాసు ప్రవాహం ఎంత? కంప్రెసర్ పవరు ఎంత?"

ఎన్నేళ్ళు చెప్పినా అదే మైనస్ పదిహేను, అదే నలభై. పాతబడ్డ డేటాబుక్కు తెరవనక్కర్లేకుండానే ఆయన నోటికి వచ్చేవి: కంప్రెసర్‌లోకి వెళ్ళే ఆవిరిలో కిలోకి పద్నాలుగు వందల నలభై నాలుగు కిలోజౌళ్ళు, బయటికొచ్చేటప్పుడు పదిహేడు వందల ఇరవై ఆరు, వాల్వు దగ్గరికి చేరే ద్రవంలో మూడు వందల తొంభై. మొదటిదాంట్లోంచి చివరిది తీసేస్తే కిలో గ్యాసు తొట్టిలోంచి మోసుకొచ్చే వేడి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే దానికోసం కంప్రెసర్ పడే కష్టం.

ఆయన తండ్రి చల్లపల్లిలో బడిపంతులు. తాత కూడా బడిపంతులే. ఆ ఇంట్లో మెకానికల్ ఇంజనీరింగు చదివిన మొదటివాడు రామమూర్తి గారే అయినా, చివరికి ఆయన చేతిలోకీ సుద్దముక్కే వచ్చింది. దానికి ఆయన ఏనాడూ బాధపడలేదు. యంత్రాన్ని తాకే కన్నా యంత్రం గురించి చెప్పడంలోనే తనకి సుఖం ఉందని తెలిసిన మనిషి. ఏడాదికి ఒక్కసారి మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని గిలకలదిండి వెళ్ళేవారు. రేవు దగ్గర భూషణం గారి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. భూషణం బడికి పెద్దగా వెళ్ళలేదు గానీ, చదువుకునే పిల్లలంటే ప్రాణం. వాళ్ళకి తలో ఐసుముక్కా పెట్టి, "మాస్టారూ, మీ బొమ్మలో మా ఫ్యాక్టరీ ఏ మూలుందో ఈ ఏడైనా చూపించండి," అనేవాడు. రామమూర్తి గారు నవ్వేసేవారు. ఎప్పుడూ చూపించలేదు.

తొంభై నాలుగు కార్తీకంలో భూషణం గుండెనొప్పితో పోయాడు. ఫ్యాక్టరీ ఆయన భార్య రాఘవమ్మ చేతికి వచ్చింది.

*

ఆ ఫాల్గుణంలో, ఎండ ముదురుతున్న ఒక ఆదివారం, రాఘవమ్మ తమ్ముడు బాబ్జీ మోపెడ్ మీద రామమూర్తి గారింటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మాస్టారూ, ఒక లెక్క కట్టిపెట్టాలండీ. మా అక్క అడగమంది. మా ఫ్యాక్టరీలో రోజుకి మూడొందల దిమ్మలు తీసేవాళ్ళం కదా..."

"యాభై కిలోల దిమ్మలు. పదిహేను టన్నులు. తెలుసు."

"అదేనండీ. ఇప్పుడు నూట డెబ్బై దాటట్లేదు. బోట్లవాళ్ళు ఐసు చాలక చల్లపల్లి నుంచి లారీలో తెచ్చుకుంటన్నారు. పోనీ మిషను సరిగా తిరగట్లేదా అంటే, రాత్రీ పగలూ తిరుగుతానే ఉంది. కరెంటు చూస్తే ఆరో వంతే తగ్గింది. ఐసు దగ్గర దగ్గర సగం పోయింది. మరి ఆ మిగతా కరెంటు ఎవడు తిన్నాడండీ?"

రామమూర్తి గారికి హుషారు పుట్టింది. నిజమైన ఫ్యాక్టరీ, నిజమైన దిమ్మలు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి ఇస్తున్న లెక్కని ఒకరు ఇంటికొచ్చి అడుగుతున్నారు. తెల్లకాగితం తీసి బాబ్జీకి కనబడేలా కట్టుకుంటూ పోయారు. ముప్ఫై డిగ్రీల నీళ్ళు చల్లబడి, గడ్డకట్టి, ఇంకాస్త చల్లబడాలంటే కిలోకి నాలుగు వందల డెబ్బై కిలోజౌళ్ళు తీయాలి. పదిహేను టన్నులకి, తొట్టి గోడల్లోంచి చొరబడే వేడితో కలిపి, సెకనుకి వంద కిలోజౌళ్ళు. కిలో గ్యాసు మోసేది వెయ్యిన్నీ యాభై నాలుగు. వందని దాంతో భాగిస్తే నిమిషానికి ఐదు కిలోల ఏడు వందల గ్రాముల అమ్మోనియా తిరగాలి. దాన్ని కిలోకి రెండు వందల ఎనభై రెండు చొప్పున నొక్కాలి. ఇరవై ఏడు కిలోవాట్లు. రాపిడీ అదీ కలుపుకుంటే మోటారు దగ్గర ముప్ఫై అయిదు.

"మీ మోటారు యాభై హార్స్‌పవరు. సరిగ్గా అతికింది, చూశారా!" అన్నారాయన, పిల్లాడిలా.

"మరి కరెంటు ఆరో వంతు తగ్గితే?"

"గ్యాసూ ఆరో వంతు తగ్గినట్టే. ఐసూ అంతే. రెండు వందల యాభై దిమ్మలు రావాలి."

బాబ్జీ ఆ కాగితం కేసి చాలాసేపు చూశాడు. "అంటే రోజుకి ఎనభై దిమ్మలు మాయమైపోతన్నాయన్నమాట," అన్నాడు మెల్లగా. "ఈ కాయితం నాకిస్తారా మాస్టారూ?"

ఇచ్చేశారు. కింద సంతకం కూడా పెట్టారు. కాగితం ఇస్తే సంతకం పెట్టడం ఆయన అలవాటు.

*

మంగళవారం సాయంత్రం పెరటి గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డ అలికిడైతే, ఆయన భార్య త్రిపురసుందరి వెళ్ళి చూసింది. దుర్గ. ఐసు ఫ్యాక్టరీ మిషను చూసుకునే కొండలరావు భార్య. వీధుల్లో చేపలమ్ముకుంటుంది. ఈ ఇంట్లో చేపలు వండరు గానీ, ఎండలో తిరిగి తిరిగి మంచినీళ్ళకి ఆగడం ఆమెకి అలవాటు. ఆ రోజు నెత్తిన తట్ట లేదు. నీళ్ళు ఇచ్చినా తాగలేదు.

"అయ్యగారున్నారామ్మా?"

రామమూర్తి గారు బయటికి వచ్చారు.

"శుక్రవారం పెద్దలు కూర్చుంటన్నారండీ. మా ఆయన ఐసు దొంగతనంగా అమ్ముకుంటన్నాడంట. గంగమ్మ గుడికాడ తడిగుడ్డలతో ప్రమాణం చేయిత్తారంట. ప్రమాణం చేసినా పనిలోంచి తీసేత్తారంట. ఇంక ఈ రేవులో ఎవడిత్తాడండీ పని?" ఆమె గొంతు పెంచలేదు. అదే కష్టంగా ఉంది వినడానికి. "నాకు అందరి మాటా అలవాటేనండీ. మీ కాయితం చూపించి చెప్తన్నారు చూడండి, మాస్టారే సంతకం పెట్టారని, దానికి మాత్రం ఏం చెప్పాలో తెలీలేదు. అదే అడుగుదామని వచ్చాను. ఏం చెప్పమంటారండీ?"

ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

భోజనం దగ్గర త్రిపురసుందరి మజ్జిగ పోస్తూ అడిగింది. ఆమె కూడా టీచరే, హైస్కూల్లో సోషలు చెబుతుంది. "ఆ లెక్కలో మైనస్ పదిహేను అని ఏదో అన్నారు బాబ్జీతో. అది ఎవరు చెప్పారండీ మీకు?"

"చెప్పేదేముంది? గ్యాసు తొట్టిలో మరిగేది అక్కడే."

"ఆ తొట్టిలోనా?"

"ఐసు ఫ్యాక్టరీల్లో మామూలుగా..."

"నేనడిగేది మామూలు సంగతి కాదు. ఆ తొట్టి సంగతి."

"ప్రశ్నలో ఇస్తారు సుందరీ."

"ఈ ప్రశ్న మీకిచ్చింది బాబ్జీ. అతను మైనస్ పదిహేను అన్నాడా?"

ఆయన ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. బాబ్జీ దిమ్మల సంగతి చెప్పాడు, కరెంటు సంగతి చెప్పాడు. మైనస్ పదిహేను తనదే. నలభై తనదే. ఇరవయ్యేళ్ళుగా సుద్దముక్కతో పాటు చేతిలో ఉండిపోయినవి. ఆ రెండూ కదలకుండా ఉంటేనే కరెంటు తగ్గినంతే ఐసు తగ్గుతుంది. ఒకటి కదిలినా, బొమ్మ బొమ్మంతా మారిపోతుంది. ఈ ముక్క తాను క్లాసులో చెబుతాడు. చెప్పాడు కూడా, మొన్న శుక్రవారం.

"మజ్జిగన్నం తినండి, ఇప్పుడు చీకట్లో ఎక్కడికి వెళ్తారు?" అందామె.

*

బుధవారం క్లాసు మరొకరికి అప్పజెప్పి, లేబొరేటరీలోంచి ఉప్పునీళ్ళ చిక్కదనం కొలిచే గాజు హైడ్రోమీటరు ఒకటి చేతిగుడ్డలో చుట్టుకుని, సైకిలు మీద గిలకలదిండి వెళ్ళారు. ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టగానే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలింది. కొండలరావు కంప్రెసర్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. లేవలేదు.

"లెక్క కట్టేశారుగా మాస్టారూ. ఇంకా ఏం చూస్తారు?"

"చూడకుండా కట్టాను. అందుకే వచ్చాను."

కొండలరావు ఆయన ముఖంలోకి చూసి, స్టూలు మీంచి లేచి పక్కకి జరిగాడు.

పీడనం చూపే గేజీలు రెండు. గ్యాసు బయటికొచ్చే వైపు డిశ్చార్జి ముల్లు రెండు వందల పది పౌన్ల దగ్గర ఉంది. అంటే దాదాపు నలభై డిగ్రీలే. ఇది కదల్లేదు. గ్యాసు లోపలికి వెళ్ళే వైపు సక్షన్ ముల్లు చూడ్డానికి ఆయన కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. ఇరవైకి దగ్గరగా ఉండవలసిన ముల్లు ఏడు మీద ఉంది. గేజీ చూపేదానికి గాలి పీడనం పద్నాలుగున్నర కలిపి, డేటాబుక్కులో వేలు పెట్టి వెతికారు. మైనస్ ఇరవై అయిదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతి ముందు నుంచీ దిగతానే ఉందండీ. గ్యాసు తక్కువైందేమోనని సిలిండరు అడిగి ఎక్కించాను. ఏం లేదు. గ్యాసు కూడా అమ్ముకున్నానన్నారు." కొండలరావు డిశ్చార్జి గొట్టం మీద తడిగుడ్డ వేశాడు. చుయ్యిమంది. "ఇంత వేడి ఎప్పుడూ లేదండీ ఇది."

ఆయన నేల మీద చతికిలబడి సుద్ద తీశారు. అదే బొమ్మ, అదే బోర్లించిన బుట్ట. కానీ ఈసారి కింది గీత ఇంకా కిందికి దిగింది. దాంతో కుడివైపు ఏటవాలు గీత పొడుగైపోయింది. కిలోకి రెండు వందల ఎనభై రెండు పోయి మూడు వందల యాభై ఏడు అయింది. కింది గీత పొడుగు మాత్రం పెద్దగా మారలేదు. కిలో గ్యాసు మోసే వేడి వెయ్యిన్నీ నలభై, అంతే.

ఇంక ప్రవాహం. ఇక్కడే ఆయన చెయ్యి ఆగింది. కంప్రెసర్‌కి కిలోలు తెలియవు. తన సిలిండర్లో పట్టినంత ఆవిరిని మింగడమే దానికి తెలుసు. నిమిషానికి దాదాపు మూడు ఘనపు మీటర్లు, ఎప్పుడూ అంతే. కానీ మైనస్ ఇరవై అయిదు దగ్గర ఆవిరి పలచబడిపోతుంది. అదే గుక్కలో దొరికే కిలోలు తగ్గిపోతాయి. భాగించారు. ఐదు కిలోల ఏడు వందలు కాదు, మూడు కిలోల ఏడు వందలు. దాంతో వేడి కట్టారు. తొట్టి గోడల్లోంచి వచ్చే వేడి ఎప్పటిలాగే ఉంటుంది కాబట్టి దాన్ని ముందే తీసేశారు. మిగిలినదానికి దిమ్మలు కట్టారు.

నూట డెబ్బై దగ్గర తేలింది.

పవరు కట్టారు. కిలోలు తగ్గాయి, కిలోకి పడే కష్టం పెరిగింది. ఇరవై ఏడు కిలోవాట్ల చోట ఇరవై రెండు. ఆరో వంతో కొంచెం అటూ ఇటో తగ్గింది. బాబ్జీ చెప్పినంతే.

ఎనభై దిమ్మలూ ఎవరూ తీసుకెళ్ళలేదు. అవి అసలు పుట్టనే లేదు.

రామమూర్తి గారు నేలమీద అలాగే కూర్చుండిపోయారు. ఈ లెక్క ఆదివారం నాడే తన బల్ల మీద ఉంది. కొలతలు తప్ప.

"మరి ముల్లు ఎందుకు పడిందండీ?" కొండలరావు పక్కన గొంతుకూర్చున్నాడు.

"అది చూద్దాం. తొట్టి మూతలు తీయ్."

ఉప్పునీళ్ళ తొట్టిలో దిమ్మల డబ్బాల వరుస పక్కనే గ్యాసు గొట్టాలు ఉంటాయి. చెక్కమూత ఎత్తేసరికి ఆ గొట్టాలు కనబడలేదు. వాటి చుట్టూ జానెడు మందాన తెల్లటి మంచు పేరుకుని ఉంది. గొట్టంలోని గ్యాసుకీ బయట నీళ్ళకీ మధ్య దుప్పటి కప్పినట్టు. వేడి అందక గ్యాసు ఇంకా చల్లబడి మరుగుతోంది. ముల్లు అందుకే పడింది. ఉప్పునీళ్ళు సరిగా ఉంటే ఆ గొట్టాల మీద గడ్డకట్టవు. ఆయన హైడ్రోమీటరు ముంచారు. గాజుగొట్టం ఉండవలసినదానికన్నా లోతుకి దిగిపోయింది, నీళ్ళలో ఉప్పు పలచబడిందన్నమాట.

"ఉప్పు ఎప్పుడు వేశావు చివరిసారి?"

కొండలరావు మంచు మీదికి వంగాడు.

"కొండలరావూ."

"భూషణం బావ ఉన్నప్పుడండీ. మధ్యలో దుర్గ ఎక్కడో రెండు బస్తాలు తెస్తే వేశాను." గొట్టాల మీద మంచుని వేలితో గీరుతున్నాడు. "మా పల్లెలో శుక్రవారం వేటకెళ్ళరు కదండీ. ఆ రోజే డబ్బాలు ఖాళీ, మూతలు తీస్తాం, ఉప్పు వేస్తాం. ఎప్పట్నుంచో అంతే. బావున్నప్పుడు ఉప్పు ఇక్కడే షెడ్డులో ఉండేది. ఆయన పోయాక రాఘవమ్మక్క బయటికి రావడం లేదని సామానంతా ఇంటి ముందుగదిలోకి మార్చారు. తాళం అక్క దగ్గరే."

"అయితే?"

"శుక్రవారం ఇంట్లోంచి ఉప్పు ఇస్తారా ఎవరైనా? లక్ష్మి కదండీ. మొదటివారం అడిగితే, రేపు రా నాయనా అంది. రేపంటే శనివారం, బోట్లన్నీ మీద పడతాయి, మూత ఎత్తడానికి ఖాళీ ఎక్కడ? మిగతా రోజుల హడావిడిలో ఉప్పు మాటే గుర్తుండదు, మళ్ళీ శుక్రవారమే గుర్తొచ్చేది. మొగుడు పోయిన మనిషి, ఆ ముఖం పెట్టుకుని గుమ్మంలో నిలబడితే, శుక్రవారం పూట రెండోసారి ఉప్పెలా అడగనండీ?" తల ఎత్తాడు. "ఉప్పు తగ్గితే ఐసు కొంచెం ఆలస్యమవుద్ది అనుకున్నాను. ముల్లుకీ దీనికీ చుట్టరికం ఉందని అనుకోలేదు."

*

శుక్రవారం పెద్దలు షెడ్డులోనే కూర్చున్నారు. రామమూర్తి గారే అలా అడిగారు. గుడి దగ్గర గేజీలు లేవు కదా అన్నారు. అప్పయ్య అనే ముసలాయన పెద్ద. పాత బోటు చెక్క మీద చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. బాబ్జీ జేబులో ఆదివారం నాటి కాగితం ఉంది. రాఘవమ్మ భర్త పోయాక మొదటిసారి ఇల్లు దాటి వచ్చి, గుమ్మం పక్కన ఓరగా నిలబడింది. కొండలరావు స్నానం చేసి తడిపంచెతో ఉన్నాడు. ప్రమాణానికి సిద్ధంగా.

"ముందు ఆ కాయితం తప్పు," అన్నారు రామమూర్తి గారు. "నాదే తప్పు. గేజీ చూడకుండా కట్టాను."

"అబ్బో! మాస్టారి లెక్క మారిందిరోయ్," అన్నాడెవరో వెనకనుంచి. "కొండలరావు ఐసు పంపాడేమో ఇంటికి!"

"పంపితే నీకూ చల్లబడును నోరు," అన్నాడు అప్పయ్య వెనక్కి తిరక్కుండానే. "చెప్పండి మాస్టారూ. మాకర్థమయ్యేలా."

ఆయన నేలమీద బొమ్మ వేశారు. పీడనం, ఎంథాల్పీ అంటూ మొదలుపెట్టి, వాళ్ళ ముఖాలు చూసి ఆగిపోయారు. క్లాసులో ఎప్పుడూ ఇలా ఆగింది లేదు. సుద్ద అటూ ఇటూ తిప్పారు. గుమ్మం పక్కన రాఘవమ్మని చూశారు. ఆమె పెళ్ళికి ముందు పదేళ్ళు తట్ట మోసిన మనిషి.

"రాఘవమ్మ గారూ, రేవు నుంచి గట్టు మీద బజారుకి తట్టలు మోసే ఆడవాళ్ళున్నారనుకోండి. కిలో గ్యాసు అంటే ఒక మనిషి. తొట్టిలో వేడిని తట్టకెత్తుకుని గట్టెక్కి అవతల దింపుతుంది. తట్టలో పట్టేది ఎప్పుడూ దాదాపు అంతే. ఇదిగో ఈ కింది గీత. ఇక్కడ ఈ ఏటవాలు గీత గట్టు. ముల్లు ఇరవై దగ్గరుంటే గట్టు ఇంత. ముల్లు ఏడుకి పడితే..." పొడుగు గీత గీశారు, "రేవు ఇంకా లోతుకి దిగింది. గట్టు ఇంత అయింది."

రాఘవమ్మ ఒక అడుగు ముందుకి వచ్చింది. "మరి మనుషులో?"

"ఆరుగురు వచ్చే చోట నలుగురే వస్తున్నారు."

ఆమె బొమ్మ కేసి చూస్తూ నిలబడింది. "నలుగురే వస్తే తట్టలు నాలుగే కదా. బజారులో సరుకు తగ్గుద్ది," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "గట్టు పెరిగిందని మనిషికి కూలి ఎక్కువియ్యాలి. మొత్తమ్మీద కూలి పెద్దగా తగ్గదు." ఆగింది. "కరెంటంటే ఆ కూలేనా?"

"అదేనండీ."

"అయితే బజారులో తట్టలు ఎవరూ ఎత్తుకెళ్ళలేదు."

"అవి రేవు దాటి రాలేదు."

బాబ్జీ జేబులో కాగితం తడుముకున్నాడు.

"బాగానే ఉంది మాస్టారూ," అన్నాడు అప్పయ్య. "రేవు లోతుకి ఎందుకు దిగింది? అది కూడా తేల్చెయ్యండి."

రామమూర్తి గారు కొండలరావు వైపు చూశారు. కొండలరావు తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దన్నట్టు. ఆయన బొమ్మ వైపు చూసి, ఎవరి పేరూ ఎత్తకుండా, మూత తీయించి మంచు చూపించారు. ఉప్పు చాలలేదు, అంతే అన్నారు. ఇప్పుడే మిషను ఆపి మంచు కరగనిచ్చి, తొట్టి నిండా ఉప్పు వేస్తే ముల్లు మళ్ళీ లేస్తుంది. ముల్లు పద్దెనిమిది దాటిన నాడు మూడొందల దిమ్మలు రాకపోతే అప్పుడు ఎవరి చేతనైనా, తన చేతనైనా, ప్రమాణం చేయించమన్నారు.

"ఉప్పెందుకు చాల్లేదు? ఇంటి నిండా బస్తాలుంటే," అంది రాఘవమ్మ.

కొండలరావు నేల చూస్తున్నాడు. ఆమె అతని తడిపంచె కేసి చూసింది, మూత తీసిన తొట్టి కేసి చూసింది. ఆ రోజు ఏ వారమో ఆమెకి గుర్తొచ్చినట్టుంది. "రేపు రా నాయనా అన్నాను," అంది. "ఆ మాటన్నాక ఎన్ని వారాలైంది రా?"

"లెక్కపెట్టలేదక్కా."

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బాబ్జీ లేవబోయాడు. అప్పయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. చుట్ట ఒకటి పూర్తయ్యేంత సేపు గడిచింది. ఎండలో ఆమె తిరిగి వస్తూ కనబడింది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద నిండా ఉప్పు పోసిన తట్ట. తెల్ల చీర చెంగు నడుముకి దోపుకుని ఉంది.

"రాఘవమ్మా, శుక్రవారం! ఉప్పు గడప దాటింది," అన్నాడు అప్పయ్య లేచి నిలబడుతూ.

"ఇస్తే కదా పెద్దయ్యా తప్పు? నేనెవరికిచ్చాను?" ఆమె తొట్టి అంచున తట్ట దించింది. "ఆ గదీ నాదే, ఈ తొట్టీ నాదే. ఇంట్లోంచి ఇంట్లోకి తెచ్చుకున్నాను." దోసిలి నిండా తీసి వేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులకి ఉప్పంటి ఉంది. అందుకని తుడుచుకోలేదు. "కొండలరావూ, మిషను కట్టెయ్యి. ఆ తడిపంచె మార్చుకుని రా, జలుబు చేస్తుంది. ఇంకా బస్తాలున్నాయి, నేను మొయ్యాలి. మీరంతా చూస్తూ కూర్చోండి."

ఎవరూ కూర్చోలేదు. అయితే గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు, గదిలోంచి బస్తా ఆమె చేతుల మీదుగా గడప దాటాకే అందుకున్నారు.

పోయే ముందు రామమూర్తి గారు బాబ్జీ దగ్గర ఆదివారం నాటి కాగితం అడిగారు. అతను తీసి ఇచ్చాడు. చింపేస్తారనుకున్నాడు. ఆయన దాన్ని మడిచి డేటాబుక్కులో, అమ్మోనియా పట్టిక ఉన్న పేజీలో పెట్టుకున్నారు.

*

తర్వాత వారమంతా ఆయన క్లాసులో చెబుతూ చెబుతూ ఆగిపోయేవారు. గట్టు పోలిక సరే. ముల్లు లేస్తుందని తాను అంతమంది ముందు అన్నాడు. బొమ్మ మీద అయితే లేస్తుంది. కానీ బొమ్మ ఆదివారం కూడా ఉంది.

అప్పుడొక మధ్యాహ్నం కొండలరావు ఇంటికి వచ్చాడు. సైకిలు స్టాండు వేయకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"రండి మాస్టారూ."

"ఏమైంది? ఎంత ఉంది?"

"నేను చెప్పను. నా మాట మీద లెక్క కట్టకండి. వచ్చి మీ కళ్ళతో చూడండి."

త్రిపురసుందరి లోపలినుంచి ఫక్కున నవ్వింది. రామమూర్తి గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కారు. ఫ్యాక్టరీ ముందు బోట్లకి ఎక్కించే ఐసు పొడి చేసే మరచప్పుడు రోడ్డు దాకా వినబడుతోంది. షెడ్డు బయట దిమ్మలు ఎండలో పొగలు కక్కుతూ వరసగా జారుతున్నాయి. గుమ్మంలో స్టూలు వేసుకుని రాఘవమ్మ వాటిని చూస్తోంది. ఆయన దిమ్మల వైపు చూడలేదు. తిన్నగా గేజీ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తీసి, చెమటా ఆవిరీ పట్టిన అద్దాల్ని పంచె చెంగుతో నిదానంగా తుడిచి, పెట్టుకుని చూశారు.

పంతొమ్మిది. జేబులోంచి సుద్ద తీసి, గాలి పీడనం కలిపి, నేల మీద కట్టారు. మైనస్ పదిహేను వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ అంకెని ఆయన చూడడం అదే మొదటిసారి.